పుట్టినరోజు పద్దు

పోయిన సంచికలో వేసవి ప్రయాణాల ఖర్చు గురించి రాశాను కదా, అది చదివి కోరమంగళ నుంచి ఒక సోదరి ఫోన్ చేశారు. "ఊరికి వెళ్ళి వచ్చేది ఏడాదికొక్కసారేనండీ. ఇద్దరు పిల్లల పుట్టినరోజులు చేసేసరికి మావారి బోనసులో సగం హరించుకుపోతోంది. దాని గురించి రాయకూడదూ?" అన్నారు. అడిగినది న్యాయంగానే ఉంది. పైగా చెప్పడానికి నాకు ఎంతో దూరం వెళ్ళనక్కరలేదు. మా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో శని, ఆదివారాల సాయంత్రం ఏ అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడ్డా చేతిలో రంగు కాగితం చుట్టిన పొట్లాలతో నలుగురైదుగురు పిల్లలు కనిపిస్తారు.

మా బ్లాకులోనే మూడో అంతస్తులో నెల్లూరు వాళ్ళు ఉన్నారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. బాబుకి అయిదేళ్ళు నిండుతున్నాయి. ఇంటి వాయిదా, బడి ఫీజు పోగా ఈ పండగకి ముప్ఫై అయిదు వేలు మించి పెట్టలేమని ముందే అనుకున్నారు. అయితే ఆయనగారికి, "ఏడాది పొడుగునా అందరి ఇళ్ళకీ వెళ్ళి తిని వచ్చాం, ఇప్పుడు మనం పిలవకపోతే ఏం బాగుంటుంది?" అని పట్టుదల. బాబు బడి తరగతిలో ఇరవై ఆరుగురు, అపార్ట్‌మెంటులో ఆడుకునే పిల్లలు, ఇద్దరి ఆఫీసుల వాళ్ళు, మన తెలుగు కుటుంబాలు అంతా కలిపి నూటపది మంది తేలారు. ఆ కాగితం పట్టుకుని ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. "అక్కయ్యా, హాలు ఎక్కడ చవగ్గా దొరుకుతుందో చెప్పండి" అని అడిగింది.

హాలు సంగతి తరవాత చూద్దువుగాని, ముందు ఆ కాగితం ఇలా ఇవ్వమన్నాను. పుట్టినరోజు ఖర్చులో హాలు అద్దె, కేకు పైన బొమ్మ, గోడకి బెలూన్లు, ఇవి ఒక్కసారి పెట్టే ఖర్చులు. భోజనం, రిటర్న్ గిఫ్టు అలా కాదు, ఒక మనిషి పెరిగితే ఒక మొత్తం పెరుగుతుంది. చాలామంది మొదటి రకం ఖర్చు మీద బేరాలాడి అయిదువందలు తగ్గించుకుని, రెండో రకం దగ్గర తెలియకుండా పదివేలు పోగొట్టుకుంటారు. అందుకని జాబితా కుదిరేదాకా ఏ హాలుకీ ఫోన్ చెయ్యకూడదు.

జాబితా తయారు చేయడంలో ఒక కిటుకు ఉంది. పిల్లల పేర్లు రాస్తే చాలదు, ఒక్కొక్క పేరు పక్కన వెంట ఎవరొస్తారో కూడా రాయాలి. అయిదేళ్ళ పిల్లవాడిని ఏ తల్లీ గేటు దగ్గర దింపి వెళ్ళిపోదు, కూడా ఉంటుంది. ఇంట్లో ఇంకో పసిబిడ్డ ఉంటే ఆ బిడ్డా వస్తుంది. అంటే బడి నుంచి ఒక పేరు రాస్తే రెండు పళ్ళేలు, ఒక్కోసారి మూడు. అదే ఎనిమిదేళ్ళు దాటిన పిల్లల పార్టీ అయితే దింపి వెళ్ళి మళ్ళీ వచ్చి తీసుకుపోతారు, ఒక పేరుకి ఒక పళ్ళెమే. అపార్ట్‌మెంటు పిల్లలు తమంతట తామే లిఫ్టులో దిగి వచ్చేస్తారు, తల్లుల్లో సగంమంది కేకు కోసే వేళకి కిందికి వస్తారు.

బడి పిల్లల దగ్గర ఒక చిక్కు. తరగతిలో కార్డులు పంచితే అందరికీ పంచాలి, కొందరికి ఇచ్చి కొందరిని వదిలితే పసివాళ్ళు నొచ్చుకుంటారు. కాబట్టి తరగతిలో అందరికీ ఒక్కో చాక్లెట్టు పంచి, సాయంత్రం పిలుపు మాత్రం బాబుతో కలిసి బస్సులో వచ్చే తొమ్మిది మంది తల్లులకి విడివిడిగా ఫోన్‌లో పంపాలని నిర్ణయించాం. తరగతి గ్రూపులో ఒక్కమాట కూడా పెట్టలేదు. ఆఫీసు వాళ్ళని పూర్తిగా తీసేశాం. వాళ్ళకి బాబు ఎవరో తెలియదు, బాబుకి వాళ్ళెవరో తెలియదు. దీని మీద ఆయనగారు రెండు రోజులు ముభావంగా ఉన్నారట, తరవాత ఆఫీసుకి ఒక కిలో మైసూరుపాకు పట్టుకెళ్ళి పంచి ఒడ్డున పడ్డారు. చివరికి తేలినది ఇది. బడి పిల్లలు తొమ్మిది, అపార్ట్‌మెంటు పిల్లలు పద్నాలుగు, నాలుగు తెలుగు కుటుంబాల పిల్లలు ఆరు, మన బాబు ఒకడు, వెరసి ముప్ఫై. పెద్దవాళ్ళు ఇంటివాళ్ళతో కలిపి మరో ముప్ఫై. నూటపది అరవైకి దిగింది.

ఇప్పుడు హాలు. వాళ్ళు మొదట ఇరవైయేడో మెయిన్ రోడ్డు వైపు ఒక హోటల్లో అడిగి వచ్చారు. హాలుకి అద్దె లేదన్నారట. వినడానికి ఎంత బాగుందో చూడండి! అద్దె లేదుగానీ కనీసం అరవై పళ్ళేలకి డబ్బు కట్టాలి, పళ్ళెం ఎనిమిదివందల యాభై, పన్ను అదనం. నలభై మందే వచ్చినా అరవైకీ కట్టవలసిందే. దీన్నే వాళ్ళు మినిమమ్ గ్యారంటీ అంటారు. పిల్లల పళ్ళేనికి తగ్గింపు ఉందా అంటే, మూడేళ్ళ లోపు వాళ్ళకి మాత్రమే అన్నారు. అలంకరణ హోటలు వాళ్ళ చేతే చేయించాలి, బయటివాళ్ళని తెచ్చుకుంటే రాయల్టీ అని వేరే రుసుం కట్టాలి. కాగితం మీద వేసి చూస్తే భోజనమే యాభై ఒక్క వేలు, అయిదు శాతం పన్నుతో యాభై మూడు వేలు దాటింది. అలంకరణ పన్నెండు వేలు. కేకూ గిఫ్టులూ ఇంకా రానేలేదు.

హోటల్లోనే చేయదలచుకున్నవారు మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు రాతలో తీసుకోండి. గ్యారంటీ పళ్ళేలెన్ని, ఆ సంఖ్య ఏ రోజు దాకా మార్చుకోవచ్చు? పన్ను కలిపి చెబుతున్నారా, విడిగానా? మామూలు రెస్టారెంటు భోజనం మీద పన్ను 5 శాతం, కానీ హాలుకి విడిగా అద్దె వేస్తే దాని మీద 18 శాతం పడుతుంది. పెద్ద నక్షత్రాల హోటళ్ళలో భోజనానికీ 18 ఉండవచ్చు. మూడోది సర్వీసు ఛార్జీ. దీన్ని రెస్టారెంట్లు తమంతట తాము బిల్లులో కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. బిల్లులో కనిపిస్తే తీసేయమని నిక్కచ్చిగా అడగవచ్చు.

మా అపార్ట్‌మెంటు కిందనే ఒక పార్టీ హాలు ఉంది. రంగు వెలిసిన గోడలు, ఓ మూల టేబుల్ టెన్నిస్ బల్ల, అందుకని ఎవరికీ ఆనదు. అందులో ఉండేవాళ్ళకి పూటకి రెండువేల అయిదువందలు, శుభ్రం చేసినందుకు వెయ్యి, తిరిగి ఇచ్చే డిపాజిట్టు అయిదువేలు. సొంత అపార్ట్‌మెంటులో హాలు లేనివాళ్ళు పక్క అపార్ట్‌మెంటులో ఉన్న స్నేహితుల పేరున తీసుకుంటూంటారు, కానీ చాలా సంఘాలు దానికి ఒప్పుకోవు, ముందే కనుక్కోవడం మంచిది. డిపాజిట్టు దేనికి పట్టుకుంటారో కూడా చదువుకోండి. మా దగ్గర గోడకి మేకు కొట్టినా, అంటు టేపు వేసి రంగు ఊడగొట్టినా, పటాసులా పేల్చి రంగు కాగితాలు వెదజల్లినా కోత పడుతుంది. ఏసీకి విడిగా మీటరుంది. ఎక్కే ముందు, దిగిన తరవాత అంకె ఫోటో తీసుకోమని ఆ అమ్మాయికి చెప్పాను.

హాలు కన్నా ముఖ్యమైనది వేళ. సాయంత్రం ఏడింటికి పిలిస్తే అది రాత్రి భోజనమే. వచ్చిన పెద్దవాళ్ళు ఇంట్లో వంట చేసుకోరు, తండ్రులు కూడా ఆఫీసు నుంచి తిన్నగా వస్తారు, బిర్యానీ, రెండు కూరలు, రోటీ, పెరుగన్నం, స్వీటు అన్నీ ఉండాలి. నాలుగున్నరకి పిలిచి ఏడింటికి ముగిస్తే అది టిఫిను. అందరూ ఇంటికి వెళ్ళి చారన్నం తింటారు. ఒక్క వేళ మార్చినందుకు పళ్ళెం ఖరీదు సగానికి సగం తగ్గుతుంది. పైగా అయిదేళ్ళ పిల్లలు ఏడున్నరయ్యేసరికి నిద్రకి ఆగలేక ఏడుస్తారు కూడాను. పిలుపులోనే "నాలుగున్నర నుంచి ఏడు వరకు, ఆటలు, కేకు, టిఫిను" అని స్పష్టంగా రాయాలి. టిఫిను అన్న మాట రాయడానికి కొందరు మొహమాటపడతారు. రాయకపోతే భోజనం ఉంటుందనుకుని వచ్చేవాళ్ళు ఉంటారు, అప్పుడు పడే మొహమాటం ఇంకా పెద్దది.

"మా అత్తయ్యగారు, మామయ్యగారు నెల్లూరు నుంచి వస్తున్నారు, మనవడి పుట్టినరోజుకి ఆకులో అన్నం పెట్టకపోతే ఊరుకోరు" అంది ఆ అమ్మాయి. దానికీ మార్గం ఉంది. తిథి ప్రకారం వచ్చే పుట్టినరోజు బుధవారం పడింది. ఆ ఉదయం ఇంట్లోనే బాబుకి తలంటి, హారతి ఇచ్చి, పెద్దవాళ్ళ చేత అక్షింతలు వేయించి, పులిహోర, గారెలు, పరమాన్నంతో ఇంటివాళ్ళ వరకు ఆకుల్లో భోజనం పెట్టారు. తాతగారు తృప్తి పడ్డారు. శనివారం సాయంత్రం పిల్లల పండగలో ఆయనకి చిన్న ఇడ్లీ, కాఫీ చాలన్నారు.

కేటరర్‌తో మాట్లాడేటప్పుడు పిల్లల పళ్ళెం, పెద్దల పళ్ళెం విడగొట్టండి. పిల్లలు తినేది చాలా తక్కువ. పరుగెత్తే ధ్యాసలో రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కన పెడతారు. పిల్లలకి గుండ్రటి చిన్న ఇడ్లీలు, బంగాళాదుంప వేపుడు, కారం లేని నూడుల్స్, ఒక పండు ముక్క, పళ్ళెం నూట ఇరవై. పెద్దలకి మైసూరు బోండా, పులిహోర, ఇడ్లీ, చట్నీ, ఒక స్వీటు, కాఫీ, పళ్ళెం రెండువందల ఇరవై. వడ్డనకి ఇద్దరు మనుషులు, పద్నాలుగు వందలు. పన్నుతో సహా మొత్తం పన్నెండు వేల నూటపది తేలింది. ఇవి మా దగ్గరి ఒక కేటరర్ చెప్పిన ధరలు, మీ పేటలో అటూ ఇటూ ఉంటాయి. కానీ పిల్లల పళ్ళెం పెద్దల దానిలో సగం దగ్గర ఉండాలన్న నిష్పత్తిని మాత్రం వదలకండి.

పళ్ళేల లెక్క దగ్గర గొడవలు వస్తుంటాయి. బిల్లు ఖాళీ అయిన పళ్ళేలను బట్టి వేస్తారు. పిల్లవాడు సగం తిన్న పళ్ళెం ఎక్కడో పెట్టి, మరిచిపోయి, ఇంకోటి తీసుకుంటాడు, రెండూ లెక్కలోకి వస్తాయి. వడ్డన మొదలయ్యే ముందు దొంతరలో ఎన్ని ఉన్నాయో ఇంటి మనిషి ఒకరు లెక్కబెట్టి రాసుకోవాలి, అయ్యాక మిగిలినవి మళ్ళీ లెక్కపెట్టాలి. పిల్లల చేతికి పళ్ళెం వడ్డించేవాళ్ళే ఇవ్వాలి, దొంతర వాళ్ళకి అందకూడదు. ఈ పని ఆ తాతగారికి అప్పగించాం. పూర్వం సహకార బ్యాంకులో పనిచేసిన మనిషి, కుర్చీ వేసుకుని కూచుని ఒక్క పళ్ళెం తప్పిపోనివ్వలేదు.

కేకు గురించి ఒక్క మాట. బొమ్మలతో, గట్టి చక్కెర పూతతో చేసే కేకు కిలోల లెక్కన చాలా ఖరీదు, ఆ పూత పిల్లలు తినరు, పళ్ళేలలో మిగిలిపోతుంది. కిలో కేకు చిన్న ముక్కలుగా కోస్తే పన్నెండు నుంచి పదిహేను వస్తాయి. అరవై మందికి నాలుగు కిలోలు కావాలి అనుకోకండి, పెద్దవాళ్ళలో కొందరు చక్కెర జబ్బు వాళ్ళు, కొందరు గుడ్డు తినని వాళ్ళు. ఒక కిలో బొమ్మ కేకు బల్ల మీద కోయడానికి, అదే రుచిలో రెండు కిలోల సాదా కేకు లోపల ముక్కలు కోసి పంచడానికి తెప్పించాం. రెండూ గుడ్డు లేనివే. రెండువేల ఏడువందలతో సరిపోయింది, ఫోటోలో తేడా ఎవరికీ తెలియదు.

రిటర్న్ గిఫ్టు మనకి కొత్త అనుకుంటాం గానీ, పేరంటానికి వచ్చినవాళ్ళని తాంబూలం లేకుండా పంపామా ఎప్పుడైనా? అక్కడి నియమమే ఇక్కడా. అందరికీ ఒకటే రకం, ఒకటే రంగు అయితే మరీ మంచిది. అయిదు రకాలు తెచ్చి ఎంచుకోమంటే అక్కడే కొట్లాట. తెలుగు పిల్లల పండగ కదా, పెద్దబాలశిక్ష ఇద్దామా అని ఆయనగారు ఉత్సాహపడ్డారు. వచ్చేవాళ్ళలో సగంమంది కన్నడం, తమిళం, హిందీ వాళ్ళు, వాళ్ళేం చేసుకుంటారు పాపం!

గిఫ్టుల్లో డబ్బు పోయేది ఆఖరి రోజు కొనడం వల్ల. శుక్రవారం రాత్రి ఫోన్‌లో పది నిమిషాల్లో తెప్పించుకునే సామానుకి విడి ధరే పడుతుంది, ముప్ఫై ఒకే రకం దొరకవు కూడా. చిక్‌పేట వెనక మామూల్‌పేటలో ఇలాంటివి డజన్ల లెక్కన అమ్ముతారు. 2025 ఆగస్టులో పసుపు రంగు మెట్రో మార్గం వచ్చాక మాకు అక్కడికి పోవడం తేలికైంది. సిల్క్‌బోర్డు దగ్గర ఎక్కి, ఆర్.వి. రోడ్డులో ఆకుపచ్చ మార్గానికి మారితే చిక్‌పేట స్టేషన్‌లోనే దిగుతాం. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, మామూలు రోజే వెళ్ళాలి. ఆ అమ్మాయి చన్నపట్నం లక్క రంగుల బొంగరాలు చూసింది, మూడు కలిపి ఒక పెట్టె. అవి మన దగ్గరికి అరవై కిలోమీటర్ల దూరంలోని ఊరివే, మన ఏటికొప్పాక బొమ్మలకి అక్కచెల్లెళ్ళు అనవచ్చు. మూడు డజన్లు తీసుకుంటే పెట్టె నూటపది పడింది.

పిలిచిన పిల్లలు ఇరవై తొమ్మిది, మరి ముప్ఫై ఆరు ఎందుకంటే, పిలవని చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ వస్తారు, వాళ్ళని వట్టి చేతులతో పంపలేం. మూడేళ్ళ లోపు పసివాళ్ళకి మాత్రం బొంగరం వద్దు, నోట్లో పెట్టుకుంటారు. వాళ్ళకి ఒక బొమ్మల పుస్తకం చాలు. గిఫ్టు వేసే సంచీ ఖరీదు అందరూ మరిచిపోతారు, కాగితపు సంచీ పన్నెండు రూపాయలు. సంచులతో కలిపి నాలుగువేల మూడువందల తొంభై రెండు.

అలంకరణ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పిల్లలు దాన్ని చూసేది బెలూన్లు పగలగొట్టడానికే. ఒక వ్యాపారి తోరణంలా బెలూన్లు కట్టడానికి తొమ్మిదివేలు అడిగాడు. చిన్నవీ పెద్దవీ కలిపి నూట ఇరవై బెలూన్లు, ఒక విద్యుత్ పంపు, బెలూన్లు గుచ్చే చిల్లుల పట్టీ, మడిచే స్టాండు, ముగ్గురు మనుషులు, రెండు గంటలు, ఇంతే దాని రహస్యం. గోడకి తగలకుండా స్టాండు మీద కట్టారు కాబట్టి డిపాజిట్టు భయం లేదు. మడివాళ మార్కెట్టులో బంతిపూలు తెచ్చి గుమ్మానికి దండ వేశారు. మొత్తం మూడువేల రెండువందలు. బెలూన్లకి ప్లాస్టిక్ పుల్లలు, అలంకరణకి థర్మోకోల్, ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. దుకాణంలో ఇస్తే తీసుకోకండి. పైకి తేలే బెలూన్లు కావాలంటే హీలియం నింపినవేనని రూఢి చేసుకోండి. వీధిలో చవగ్గా నింపేదాంట్లో హైడ్రోజన్ ఉండవచ్చు, అది కొవ్వొత్తి దగ్గర భగ్గుమంటుంది.

అలా మిగిలిన దానిలోంచి నాలుగువేలు పెట్టి ముప్పావుగంట ఇంద్రజాలం చేసే ఆయనను పిలిచారు. నన్నడిగితే ఆ సాయంత్రం మొత్తం మీద సద్వినియోగమైన డబ్బు అదే. మంచినీళ్ళు, మజ్జిగ, పుల్లలు, కొవ్వొత్తులకి తొమ్మిది వందలు. ఇవన్నీ హాలుతో కలిపి ముప్ఫైవేల ఎనిమిదివందల రెండు. మూడువేల అయిదువందలు విడిగా ఒక కవరులో పెట్టి, శనివారం ఉదయం దాకా ముట్టుకోవద్దన్నాను.

గురువారం సాయంత్రం ఆ అమ్మాయి జవాబివ్వని తల్లులకి మరోసారి ఫోన్ చేసింది. "వస్తున్నారా?" అని కాదు, "ఎంతమంది వస్తున్నారు?" అని అడిగింది. ఇద్దరు ఊళ్ళో ఉండమన్నారు, ఒకరు చెల్లెలిని తేవచ్చా అన్నారు. కేటరర్‌కి యాభై ఎనిమిది అని చెప్పింది. తాతగారి లెక్కలో పెద్దల పళ్ళేలు ఇరవై ఎనిమిది, పిల్లలవి ముప్ఫై రెండు తేలాయి. కవరులోంచి ఖర్చయినది ఏసీ మీటరుకి ఆరువందల నలభై, కేకు తెచ్చిన బండికి నూటయాభై, ఇంద్రజాలం ఆయనకి సంతోషంగా ఇచ్చిన రెండువందలు. సోమవారం డిపాజిట్టు పూర్తిగా తిరిగి వచ్చింది.

నాలుగు పెట్టెల బొంగరాలు మిగిలితే అలమారులో పై అరలో పెట్టింది. వచ్చే రెండు నెలల్లో బాబుకి మూడు పుట్టినరోజుల పిలుపులున్నాయట.